విదేశీ ఫండ్లను కలుపుకోవాలా? మారకపు రేటు, పన్నుల ప్రభావంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నా దేశంలోని ఫండ్లే బాగా పెరుగుతున్నప్పుడు విదేశీ ఫండ్ ఎందుకు?

ఎక్కువ రాబడి కోసమే అయితే విదేశీ ఫండ్ కొనకపోవడమే మంచిది, ఎందుకంటే వచ్చే పదేళ్లలో ఏ దేశపు మార్కెట్ ముందుంటుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు. విదేశీ ఫండ్ చేసే పని వేరు. ఒక మనిషి జీతం, ఇంటి విలువ, బ్యాంకు డిపాజిట్లు, పింఛను సాధారణంగా ఒకే ఆర్థిక వ్యవస్థ మీద, ఒకే కరెన్సీ మీద ఆధారపడి ఉంటాయి. షేర్ల పెట్టుబడి కూడా అక్కడే ఉంటే, ఆ దేశం దీర్ఘకాలం మందగించినప్పుడు ఇవన్నీ ఒకేసారి దెబ్బతింటాయి.

అలాంటి మందగమనం ఎంతకాలం సాగగలదో జపాన్ చూపించింది. 1989 డిసెంబరు 29న నిక్కీ సూచీ 38,915 వద్ద ముగిసింది. ఆ స్థాయిని అది మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో వచ్చిన డివిడెండ్లను కలిపి చూస్తే నిరీక్షణ కొంత తగ్గుతుంది కాని, ఒక ఉద్యోగి సంపాదనా జీవితమంత కాలం అందులో గడిచిపోయింది. జపాన్ అప్పుడు పేద దేశం కాదు, అక్కడి కంపెనీలు చిన్నవీ కావు. అందుకే, ప్రస్తుతం బాగా పెరుగుతున్న దేశంలో ఉన్నవారికి ఈ ప్రశ్న వర్తించదని నేను అనుకోను.

పెద్ద పతనాలు వచ్చినప్పుడు అన్ని మార్కెట్లూ కలిసే పడతాయి కదా?

పడతాయి. 2008లోనూ, 2020 మార్చిలోనూ దాదాపు అన్ని దేశాల షేర్లూ ఒకేసారి పడ్డాయి. కొన్ని వారాల భయం నుంచి విదేశీ షేర్లు కాపాడవు. అవి కాపాడేది ఏళ్ల తరబడి సాగే తేడాల నుంచి. 2000 నుంచి 2009 వరకు అమెరికా పెద్ద కంపెనీల సూచీ డివిడెండ్లతో కలిపి కూడా నష్టంలోనే ముగిసింది. అదే కాలంలో వర్ధమాన దేశాల మార్కెట్లు బాగా లాభపడ్డాయి. ఆ తరువాతి దశాబ్దంలో పరిస్థితి తలకిందులైంది.

మారకపు రేటు నా రాబడిని అసలు ఎలా మారుస్తుంది?

మీరు విదేశీ ఫండ్ కొన్నప్పుడు తెలిసో తెలియకో రెండు వస్తువులు కొంటారు: కొన్ని విదేశీ షేర్లు, ఆ షేర్లు ఏ కరెన్సీలో సంపాదిస్తాయో ఆ కరెన్సీ. మీ చేతికి వచ్చే ఫలితం ఈ రెండింటి గుణకారం. దీన్ని ఒక లెక్కతో చూద్దాం. ఈ లెక్కనే కింద పన్ను విషయంలోనూ వాడుకుందాం.

ఒక మదుపరి తన దేశపు కరెన్సీలో 1,00,000 పెట్టాడనుకుందాం. ఆ రోజు విదేశీ కరెన్సీ ఒక్కటి కొనడానికి 50 కావాలి. అంటే ఆయన డబ్బు 2,000 విదేశీ యూనిట్లుగా మారి ఫండ్‌లోకి వెళ్లింది. కొన్నేళ్లకు ఫండ్‌లోని షేర్లు 5 శాతం పడ్డాయి. విలువ 1,900 విదేశీ యూనిట్లకు దిగింది. అయితే ఈ కాలంలో ఆయన దేశపు కరెన్సీ బలహీనపడి మారకపు రేటు 60కి చేరింది. అమ్మినప్పుడు ఆయనకు వచ్చేది 1,900ను 60తో గుణిస్తే వచ్చే 1,14,000. షేర్లు నష్టపోయాయి, మదుపరి ఖాతాలో 14 శాతం లాభం కనిపించింది.

ఇప్పుడు ఎదురుగా చూడండి. షేర్లు 15 శాతం పెరిగి విలువ 2,300 అయింది, కాని ఆయన కరెన్సీ బలపడి రేటు 42కి తగ్గింది. చేతికి వచ్చేది 96,600. ఎంచుకున్న ఫండ్ మంచిదే, పెరిగిందే, అయినా ఆయనకు నష్టమే మిగిలింది.

విదేశీ ఫండ్ల గురించి వచ్చే ప్రచారంలో గత రాబడులు ఏ కరెన్సీలో చూపారో ముందుగా గమనించమని చెప్పేది అందుకే. మీ కరెన్సీ పదేళ్లుగా బలహీనపడుతూ వచ్చి ఉంటే, ఆ పట్టికలో కనిపించే రాబడిలో పెద్ద భాగం షేర్లది కాకపోవచ్చు. ఫండ్ రాబడిని దాని సొంత కరెన్సీలో ఒకసారి, మీ కరెన్సీలో ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఫండ్ ధరను నా దేశపు కరెన్సీలోనే ప్రకటిస్తారు. అప్పుడు కరెన్సీ రిస్కు లేనట్టేనా?

కాదు. ధర ఏ కరెన్సీలో రాస్తారన్నది కొలమానం మాత్రమే. అమెరికా షేర్లున్న ఫండ్ యూరోల్లో ట్రేడ్ అయినా, మరో కరెన్సీలో ట్రేడ్ అయినా మీకున్నది డాలర్ రిస్కే. ఫండ్ లోపల ఉన్న ఆస్తులు ఏ కరెన్సీవో అదే లెక్క. పేరులో 'హెడ్జ్‌డ్' అని, అంటే మారకపు ఊగిసలాట నుంచి ముందస్తు రక్షణ తీసుకున్నట్టు, స్పష్టంగా లేకపోతే మారకపు రేటు ప్రభావం పూర్తిగా మీ మీదే ఉందని భావించాలి.

ఇందులో మరో పొర ఉంది. మీ దేశంలో నమోదైన పెద్ద ఎగుమతి కంపెనీలు కూడా విదేశీ కరెన్సీలోనే ఎక్కువ సంపాదిస్తాయి కాబట్టి, దేశీయ ఫండ్‌లోనూ కొంత కరెన్సీ ప్రభావం ముందే ఉంటుంది. ఇది విదేశీ ఫండ్‌కు ప్రత్యామ్నాయం కాకపోయినా, ఎంత కలపాలో లెక్క వేసేటప్పుడు గుర్తుంచుకోదగ్గది.

అయితే హెడ్జ్ చేసిన ఫండ్ తీసుకోవడమే మంచిదా?

ఇది మీ కరెన్సీ స్వభావం మీద ఆధారపడిన ప్రశ్న. చాలామంది హెడ్జింగ్‌ను బీమా ప్రీమియంలా, ఎప్పుడూ ఖర్చే అన్నట్టు ఊహించుకుంటారు. నిజానికి ఫండ్ విదేశీ కరెన్సీని ముందస్తు ఒప్పందం ద్వారా అమ్ముతుంది. ఆ ఒప్పందపు రేటు రెండు దేశాల స్వల్పకాలిక వడ్డీ రేట్ల తేడాను బట్టి నిర్ణయమవుతుంది. మీ దేశంలో వడ్డీ 7 శాతం, అవతలి దేశంలో 4 శాతం ఉంటే, హెడ్జ్ చేసిన ఫండ్‌కు ఏటా సుమారు 3 శాతం కలిసి వస్తుంది. వడ్డీలు తిరగబడితే అంతే మొత్తం పోతుంది. 2023 జులై తరువాత అమెరికాలో విధాన వడ్డీ రేటు 5.25–5.50 శాతం ఉండగా, జపాన్‌లో అది 2024 మార్చి వరకు మైనస్ 0.1 శాతం. ఆ రోజుల్లో డాలర్ ఆస్తులను హెడ్జ్ చేసుకున్న జపాన్ మదుపరికి ఏటా 5 శాతానికి పైగా అందులోనే పోయేది. దీనికి తోడు నిర్వహణ ఖర్చు ఎటూ ఉంటుంది.

వడ్డీ తేడా మీకు అనుకూలంగా ఉన్నా ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. సంక్షోభం వచ్చినప్పుడు ప్రపంచమంతా కొన్ని కరెన్సీల వైపు పరుగెడుతుంది. 2008లో డాలర్, యెన్, స్విస్ ఫ్రాంక్ చాలా కరెన్సీల మీద బలపడ్డాయి. మీ కరెన్సీ అలాంటి సమయాల్లో పడే రకమైతే, హెడ్జ్ చేయని డాలర్ ఆస్తి మీకు మెత్తని పరుపులా పనిచేస్తుంది: షేర్లు పడుతున్నప్పుడే కరెన్సీ భాగం పెరుగుతుంది. హెడ్జ్ చేస్తే ఆ రక్షణను మీ చేతులతో మీరే వదులుకున్నట్టు.

మీ కరెన్సీయే సంక్షోభంలో బలపడే రకమైతే కథ వేరు. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస రేటును కాపాడటం హఠాత్తుగా మానేసింది. ఆ రోజు యూరో సుమారు ఒక ఫ్రాంక్ దగ్గరకు పడింది. యూరో షేర్లున్న స్విస్ మదుపరి, ఆ షేర్లు కదలకపోయినా, ఒక్క రోజులో దాదాపు ఆరో వంతు కోల్పోయాడు. అలాంటివారికి కొంతైనా హెడ్జింగ్ అర్థవంతమైనదే.

నా అభిప్రాయం: సంక్షోభాల్లో బలహీనపడే కరెన్సీలో సంపాదించి ఖర్చుపెట్టేవారు, దీర్ఘకాల షేర్ల ఫండ్‌ను హెడ్జ్ చేయకుండా ఉంచుకోవడమే మేలు. బాండ్ల విషయంలో ఇది వర్తించదు. విదేశీ బాండ్ ఇచ్చే కొద్దిపాటి వడ్డీతో పోలిస్తే మారకపు ఊగిసలాట చాలా పెద్దది. హెడ్జ్ లేని విదేశీ బాండ్ ఫండ్ అంటే ప్రధానంగా కరెన్సీ మీద పందెమే.

మారకపు రేటు వల్ల వచ్చిన లాభం మీద కూడా పన్ను కట్టాలా?

చాలా దేశాల్లో కట్టాలి, ఎందుకంటే మూలధన లాభాన్ని ఆ దేశపు కరెన్సీలోనే లెక్కిస్తారు: అమ్మిన రోజు విలువలోంచి కొన్న రోజు విలువను తీసివేస్తే మిగిలేదే లాభం. అందులో షేర్ల వాటా ఎంత, మారకం వాటా ఎంత అని పన్ను శాఖ అడగదు.

పై లెక్కకు తిరిగి వెళ్దాం. మొదటి సందర్భంలో షేర్లు 5 శాతం నష్టపోయాయి, మదుపరికి కాగితం మీద 14,000 లాభం వచ్చింది. పన్ను 15 శాతమైతే 2,100 కట్టాలి, మిగిలేది 1,11,900. ఇప్పుడు ఆయన కరెన్సీ ఎందుకు బలహీనపడిందో ఆలోచించండి. ఆ కాలంలో ఆయన దేశంలో ధరలు మొత్తం మీద 20 శాతం పెరిగాయని, అవతలి దేశంలో దాదాపు కదలలేదని అనుకుంటే, రేటు 50 నుంచి 60కి వెళ్లడం ఆ ధరల తేడాకు సరిపోయింది. పన్నుకు ముందు 1,14,000ను 1.2తో భాగిస్తే నేటి కొనుగోలు శక్తి పాత లెక్కలో 95,000. అంటే నిజమైన నష్టం 5 శాతం, సరిగ్గా షేర్లు పడినంత. పన్ను కట్టాక అది 93,250కి దిగుతుంది. నిజంగా నష్టపోయిన మనిషి లాభం మీద పన్ను కట్టి, 6.75 శాతం నష్టంతో బయటపడ్డాడు.

ఇది విదేశీ ఫండ్లు వద్దనడానికి కారణం కాదు. దేశీయ షేర్ల మీద కూడా ద్రవ్యోల్బణంతో పెరిగిన భాగానికి పన్ను పడుతూనే ఉంటుంది. కాని విదేశీ ఫండ్‌లో కరెన్సీ భాగాన్ని రక్షణగా లెక్కించేటప్పుడు, దానిలోంచి పన్ను తీసేసి లెక్కించాలి. రెండో సందర్భంలో, అంటే షేర్లు పెరిగినా కరెన్సీ వల్ల 3,400 నష్టం వచ్చినప్పుడు, చాలా దేశాలు ఆ నష్టాన్ని ఇతర లాభాల నుంచి తగ్గించుకోనిస్తాయి. అది గడువులోగా రిటర్నులో చూపిస్తేనే.

దేశీయ షేర్ల ఫండ్లకు తక్కువ పన్ను, విదేశీ షేర్ల ఫండ్లకు వేరే రేటు, వేరే కాలపరిమితి పెట్టిన దేశాలూ ఉన్నాయి. ఆ నియమాలు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంటాయి కాబట్టి, కొనే ఏడాదిలో అమల్లో ఉన్న నియమాన్నే చూడాలి.

డివిడెండ్ల మీద విదేశంలో కోసే పన్ను సంగతేమిటి? అది నా స్టేట్‌మెంట్‌లో కనిపించదే?

కనిపించకపోవడమే దానిలోని చిక్కు. కంపెనీ డివిడెండ్ ఇచ్చినప్పుడు, ఆ దేశ ప్రభుత్వం విదేశీయుడి వాటా నుంచి మూలంలోనే పన్ను కోసుకుంటుంది. అమెరికాతో పన్ను ఒప్పందం లేని దేశాలవారికి ఇది 30 శాతం. ఒప్పందాలున్న చాలా దేశాలకు 15 శాతం, కొన్నింటికి అంతకన్నా ఎక్కువ. స్విట్జర్లాండ్ ముందుగా 35 శాతం కోసి, ఒప్పందాన్ని బట్టి కొంత వాపసు అడిగే అవకాశమిస్తుంది. బ్రిటన్, హాంకాంగ్, సింగపూర్ మామూలు కంపెనీల డివిడెండ్ల మీద ఇలా కోయవు.

ఫండ్ ద్వారా పెట్టుబడి పెట్టినప్పుడు పన్ను కట్టేది మీరు కాదు, ఫండ్. కాబట్టి ఏ రేటు వర్తిస్తుందో నిర్ణయించేది ఎక్కువగా ఫండ్ నమోదైన దేశం. ఈటీఎఫ్ అంటే షేరులా మార్కెట్‌లో కొని అమ్మగలిగే ఫండ్. ఐర్లాండ్‌లో నమోదైన ఈటీఎఫ్ అమెరికా షేర్ల డివిడెండ్ల మీద సాధారణంగా 15 శాతం కడుతుంది. అవే షేర్లున్న లక్సెంబర్గ్ ఫండ్ సాధారణంగా 30 శాతం కడుతుంది. రెండింటి ఖర్చుల నిష్పత్తి, అంటే ఫండ్ ఏటా వసూలు చేసే ఖర్చుల శాతం, ఒకటే అయినా చేతికందేది వేరు.

ఇది ఎంతవుతుంది? డివిడెండ్ 2 శాతం అనుకుంటే, 15 శాతం కోత ఏడాదికి పెట్టుబడిలో 0.30 శాతం, 30 శాతం కోత 0.60 శాతం. పన్ను లేకుండా 7 శాతం పెరిగే 1,00,000, ఇరవై ఏళ్లలో సుమారు 3,87,000 అవుతుంది. 0.30 పోతే సుమారు 3,65,800, 0.60 పోతే సుమారు 3,45,800. కేవలం నమోదు దేశం వల్ల వచ్చిన తేడా 20,000, అంటే మొదట పెట్టిన సొమ్ములో ఐదో వంతు. ఖర్చుల నిష్పత్తిలో 0.05 తేడా కోసం గంటలు వెతికే మదుపరులు దీన్ని అసలు చూడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

విదేశంలో కట్టిన పన్నుకు మీ దేశంలో మినహాయింపు దొరుకుతుందా అన్నది తరువాతి ప్రశ్న. షేర్లు నేరుగా మీ పేరున ఉండి, పన్ను మీ నుంచే కోసి ఉంటే చాలా దేశాల్లో దొరుకుతుంది. ఫండ్ కట్టిన పన్నుకు మాత్రం, దాన్ని మదుపరులకు బదలాయించే ప్రత్యేక నియమం ఉంటే తప్ప సాధారణంగా దొరకదు. మీ దేశపు ఫండ్ మరో విదేశీ ఫండ్‌ను కొనే ఫీడర్ పద్ధతిలో అయితే ఖర్చులు కూడా రెండుసార్లు పడవచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఒక సులభమైన దారి ఉంది. చాలా అంతర్జాతీయ సూచీలకు డివిడెండ్లపై పన్ను కోయకముందు లెక్కించే 'గ్రాస్' రూపం, కోసిన తరువాతి 'నెట్' రూపం ఉంటాయి. ఫండ్ ఫలితం నెట్ సూచీ కంటే కూడా బాగా వెనకబడి, ఆ తేడా ప్రకటించిన ఖర్చుల కంటే ఎక్కువగా ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం.

వారసులకు సంబంధించిన పన్ను కూడా ఉంటుందా?

అమెరికాలో నమోదైన ఈటీఎఫ్‌లను నేరుగా కొనే విదేశీయులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. అమెరికా పౌరుడూ నివాసీ కాని వ్యక్తి మరణించినప్పుడు, ఆయనకు అక్కడున్న ఆస్తి 60,000 డాలర్లు దాటితే, ఒప్పందం ద్వారా వెసులుబాటు లేనప్పుడు, ఎస్టేట్ పన్ను 40 శాతం వరకు వెళ్లవచ్చు. అమెరికా కంపెనీల షేర్లు, అక్కడ నమోదైన ఈటీఎఫ్‌లు ఈ లెక్కలోకి వస్తాయి. అవే షేర్లను పట్టుకున్న ఐర్లాండ్ ఈటీఎఫ్ రాదు. పెద్ద మొత్తం కూడబెట్టేవారు నమోదు దేశాన్ని చూడవలసిన రెండో కారణం ఇది, నా దృష్టిలో మొదటి దానికన్నా ముఖ్యమైనది.

నేను అమెరికా పౌరుడిని లేదా అక్కడి పన్ను నివాసిని. వేరే దేశపు మ్యూచువల్ ఫండ్ కొనవచ్చా?

కొనవచ్చు కాని సాధారణంగా కొనకూడదు. అమెరికా బయట నమోదైన దాదాపు ప్రతి ఫండ్‌నూ అక్కడి చట్టం 'పీఫిక్' అనే తరగతిలో చేర్చి, మామూలు మూలధన లాభాల రేటు కాకుండా కఠినమైన పద్ధతిలో, కొన్ని సందర్భాల్లో వడ్డీతో సహా పన్ను వేస్తుంది. సాధారణంగా ప్రతి ఫండ్‌కూ విడిగా ఫారం 8621 నింపాలి. ఇలాంటివారు అమెరికాలో నమోదైన అంతర్జాతీయ ఫండ్ ద్వారానే విదేశీ షేర్లు కొనడం మేలు. పైన చెప్పిన ఐర్లాండ్ సలహా వీరికి వర్తించదు.

ఎంత శాతం కలపాలి?

అందరికీ సరిపోయే అంకె లేదు, కాని హద్దులను లెక్కతో చూడవచ్చు. మొత్తంలో 5 శాతమే విదేశీ ఫండ్ అయితే, అది 40 శాతం పెరిగినా మొత్తానికి కలిసేది 2 శాతం. అదనపు పన్ను లెక్కలు, కాగితాలు మోయడానికి అది చాలదు. నా అంచనాలో 15 శాతం కంటే తక్కువైతే ఆ శ్రమ పెట్టనవసరం లేదు. పై హద్దును మీ భవిష్యత్ ఖర్చులు నిర్ణయిస్తాయి. మూడేళ్లలో ఇల్లు కొనే సొమ్ము మీ కరెన్సీలోనే ఉండాలి. పదిహేనేళ్ల తరువాత పిల్లల చదువు విదేశంలో ఉండే అవకాశం ఉంటే, ఆ ఖర్చే విదేశీ కరెన్సీలో ఉంటుంది. అప్పుడు రిస్కు విదేశీ ఫండ్‌లో కాదు, దాన్ని కొనకపోవడంలో ఉంది.

'గ్లోబల్' అనే పేరు చూసి సంతృప్తి పడకండి. మార్కెట్ విలువ ప్రకారం నడిచే ప్రపంచ సూచీల్లో ఇటీవలి ఏళ్లలో సగానికి పైగా అమెరికాదే. అది తప్పని కాదు, మీరు కొంటున్నదేమిటో తెలియాలి.

ఈటీఎఫ్ ధర దాని అసలు విలువ కంటే ఎక్కువగా కనిపిస్తోంది. పరవాలేదా?

ఆగండి. మామూలుగా సంస్థలు కొత్త యూనిట్లు సృష్టించి ఈ తేడాను చెరిపేస్తాయి. ప్రభుత్వ పరిమితుల వల్ల కొత్త యూనిట్లు రానప్పుడు తేడా నిలిచిపోతుంది. భారత్‌లో మ్యూచువల్ ఫండ్ పరిశ్రమ విదేశీ పెట్టుబడులకున్న 700 కోట్ల డాలర్ల పరిమితి దగ్గర పడటంతో 2022 ఫిబ్రవరిలో కొత్త చందాలు ఆపవలసి వచ్చింది. ఇలాంటి సమయంలో 10 శాతం ఎక్కువ పెట్టి కొంటే, పరిమితి సడలిన రోజున ఆ 10 శాతం షేర్లతోగాని మారకంతోగాని సంబంధం లేకుండా ఆవిరైపోవచ్చు.

ఏ వివరాలు భద్రపరచాలి?

ప్రతి కొనుగోలుకూ తేదీ, యూనిట్లు, ఆ రోజు మారకపు రేటు. రేటును మీ పన్ను శాఖ గుర్తించిన మూలం నుంచే తీసుకోండి, బ్యాంకు వసూలు చేసిన రేటు దానికి భిన్నంగా ఉండవచ్చు. డివిడెండ్లను తిరిగి పెట్టుబడిగా మార్చిన ప్రతిసారీ అది తన సొంత రేటుతో కొత్త కొనుగోలు అవుతుంది. పదేళ్ల తరువాత అమ్మేటప్పుడు చాలామంది చిక్కుకునేది ఇక్కడే, ఎందుకంటే అప్పటికే పన్ను కట్టిన డివిడెండ్‌ను లాభంలో కలిపి మళ్లీ పన్ను కడతారు. విదేశంలో ఖాతా తెరిచి కొన్నవారు, తమ దేశంలో విదేశీ ఆస్తుల వెల్లడి నియమం ఉంటే, ఆదాయం రాని ఏడాది కూడా దాన్ని చూపించాలి. స్వదేశంలో నమోదైన ఫండ్ ద్వారా కొన్నవారికి సాధారణంగా ఈ భారం ఉండదు. చిన్న మొత్తాలతో మొదలుపెట్టేవారు కొంచెం ఎక్కువ ఖర్చైనా స్వదేశీ నమోదు ఫండ్‌ను ఎంచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.